మూడో వంతు అంటే మూడో ముక్క కాదు

(మండల స్థాయి ఉపాధ్యాయుల సమావేశంలో ఒక ప్రాథమిక పాఠశాల టీచర్ చేసిన ప్రసంగం, రాతలో)

అందరికీ నమస్కారం. భోజనాలయ్యాక లెక్కల గురించి మాట్లాడమని నన్ను లేపారు కాబట్టి నిద్రొస్తే పడుకోండి, నేనేమీ అనుకోను. కాకపోతే మీ ముందు తలా ఒక తెల్లకాగితం ముక్క పెట్టించాను, దాన్ని మాత్రం పారేయకండి, మధ్యలో పని ఉంది.

మూడేళ్ల కిందట మా మూడో తరగతిలో జరిగిన సంగతితో మొదలుపెడతాను. బోర్డు మీద 1/3, 1/4 రాసి ఏది పెద్దదని అడిగాను. దాదాపు తరగతంతా 1/4 అంది. ఎందుకురా అంటే నాలుగు పెద్దది కదా టీచర్ అన్నారు. సరే, అదే రోజు మధ్యాహ్నం చిక్కీ పంచుతుంటే కొన్ని తక్కువొచ్చాయి. ఒక మూల ముగ్గురు పిల్లలు కలిసి ఒక చిక్కీని పంచుకోబోతున్నారు, పక్కనుంచి నాలుగోవాడు వచ్చి కూర్చున్నాడు. పొద్దున నాలుగు పెద్దదని చెప్పిన పాపే "నువ్వు ఇక్కడికి రాకు, మాకు చిన్నదొస్తుంది" అని వాణ్ణి తోసేసింది. నేను అక్కడే నిలబడి చూస్తున్నాను. ఆ పాపకి భిన్నాలు వచ్చు. చిక్కీ దగ్గర వచ్చు, బోర్డు దగ్గర రావు. పొద్దున నేను రాసిన గీతకీ అంకెలకీ మధ్యాహ్నం తన చేతిలో ఉన్న ముక్కకీ సంబంధం ఉందని ఎవరూ తనకి చెప్పలేదు. ఎవరూ అంటే నేనే.

వస్తువుతో మొదలుపెట్టి, బొమ్మ మీదకి తెచ్చి, ఆ తర్వాతే గుర్తు రాయించాలన్న మాట మనందరం ట్రైనింగుల్లో విన్నదే. బ్రూనర్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 1960ల్లో చేతితో చేయడం, బొమ్మగా చూడడం, గుర్తుగా రాయడం అని మూడు రకాల తెలుసుకోవడం గురించి చెప్పాడు, 1980ల్లో సింగపూర్ వాళ్లు దాన్ని లెక్కల బోధనకి పద్ధతిగా తెచ్చుకున్నారు. అది తెలియక కాదు మన ఇబ్బంది. మనం చేసేదేమిటంటే, మొదటి రోజు టీచర్ బల్ల మీద ఒక ఆపిల్ కోసి చూపిస్తాం, రెండో రోజు పుస్తకంలో రంగేసిన గుండ్రాలు చూపిస్తాం, మూడో రోజు నుంచి లవం, హారం. టీచర్ చేతిలో ఉన్న ఆపిల్ పిల్లవాడికి వస్తువు కాదండీ, అదీ ఒక బొమ్మే, కాస్త దూరంగా ఉన్న బొమ్మ. వాడి చేతిలో ఉంటేనే వస్తువు.

అయితే ఏ వస్తువు? నేను తినేవన్నీ ప్రయత్నించాను. ఇంటి నుంచి దోసెలు పట్టుకెళ్లాను ఒకసారి. సగం బాగానే వచ్చింది, మూడు చేయమనేసరికి చినిగిపోయి, ఎవరికి పెద్దదొచ్చిందో అన్న గొడవలో పీరియడ్ అయిపోయింది. గుండ్రటివాటితో ఇదే తంటా. సగం, పావు సులువు, మూడు సమాన భాగాలు మాత్రం పెద్దవాళ్లకే కుదరదు. పైగా తినేది తినేస్తే మళ్లీ పక్కన పెట్టి పోల్చుకోడానికి ఏమీ మిగలదు. మూడో తరగతిలో భిన్నం అంటే చాలావరకు పోల్చడమే కదా.

చివరికి కాగితం పట్టీ దగ్గర ఆగాను. 24 సెంటీమీటర్ల పొడవు, 3 సెంటీమీటర్ల వెడల్పు. ఈ 24 ఊరికే పెట్టింది కాదు. సగం 12, మూడింట ఒక వంతు 8, పావు 6, ఆరింట ఒక వంతు 4, ఎనిమిదింట ఒక వంతు 3, అన్నీ పూర్తి సెంటీమీటర్లే. 20 పెట్టుకున్నామంటే మూడు భాగాల దగ్గర ఇరుక్కుంటాం. మామూలు చార్టు పేపరు ఒకటి తీసుకుంటే నలభై పట్టీలకి పైనే వస్తాయి, కాబట్టి రంగుకో చార్టు చాలు. ఎరుపు కోయకుండా మొత్తంగా ఉంచుతాం, నీలం రెండు ముక్కలు, పసుపు నాలుగు, ఆకుపచ్చ ఎనిమిది. మూడు, ఆరు భాగాలవి వేరే రంగుల్లో చేసి వారం పదిరోజుల తర్వాత బయటికి తీస్తాం, అన్నీ ఒకేసారి ఇస్తే బల్ల మీద రంగులే తప్ప లెక్క కనపడదు.

కానీ కోసిన ముక్కలు మొదటి రోజే ఇవ్వకండి. మొదట మడత. పల్చటి తెల్లకాగితం పట్టీలు ఇచ్చి సగానికి మడవమంటాను. సగం అంటే ఇంట్లో పిల్లలకి తెలిసిన అర్థం వేరు, "పెద్ద సగం నాకు, చిన్న సగం చెల్లికి" అంటారు. మనమూ అంటాం, అబద్ధమెందుకు. అందుకని మొదటి రోజు ఒకటే ప్రశ్న, రెండూ సమానమని నీకెలా తెలుసు? చూస్తే తెలుస్తోంది టీచర్ అంటారు. కాదు, నాకు చూపించు. అప్పుడు ఎవరో ఒకరు మడిచి, అంచు మీద అంచు పెట్టి చూపిస్తారు. ఆ అంచు మీద అంచు పెట్టడమే ఈ పాఠానికి పునాది, దానికి పూర్తి పీరియడ్ ఇవ్వండి.

ఇప్పుడు మీ కాగితాలు తీసుకోండి. ఒకసారి మడవండి. మళ్లీ మడవండి, అదే వైపు. మూడోసారి. విప్పకండి! విప్పితే ఎన్ని భాగాలుంటాయి? ... ఆ వెనక సార్ ఆరు అన్నారు. (నవ్వులు) సార్, సిగ్గుపడకండి, మా తరగతిలో ఇరవై ఆరు మందిలో ఇరవై మంది ఆరే అంటారు. ఒక మడతకి రెండు, రెండు మడతలకి నాలుగు, కాబట్టి మూడింటికి ఆరు. విప్పాక ఎనిమిది కనపడితే ఒక్కసారి గోల. ప్రతి మడతా అంతకు ముందున్న ప్రతి ముక్కనీ రెండు చేస్తోందని అక్కడ ఒకటికి రెండుసార్లు విప్పి మడిచి చూస్తారు. నేనైతే ఏమీ చెప్పను. పావులో సగం ఎనిమిదింట ఒక వంతని తర్వాత మనం విడిగా నేర్పక్కర్లేదు, మడతలోనే ఉంది. మా ఊళ్లో కిరాణా కొట్టువాళ్ల అబ్బాయి ఒకడు "టీచర్, ఇది అరపావు" అన్నాడు. నూట ఇరవై ఐదు గ్రాములని కూడా చెప్పాడు. ఆ రోజు నుంచి మా తరగతిలో ఆకుపచ్చ ముక్క పేరు అరపావే.

మూడు భాగాలకి మడవడం వేరే కథ. ఎవరికీ రాదు, రాకపోవడమే మంచిది. ముందు వాళ్లని తంటాలు పడనిస్తాను. సగం చేసి మళ్లీ ఒక్కవైపే సగం చేస్తారు, మూడు ముక్కలొచ్చాయి టీచర్ అని తెస్తారు. మూడు వచ్చాయి నిజమే. అంచు మీద అంచు పెట్టమంటే వాళ్లకే తెలిసిపోతుంది. తర్వాత స్కేలు పెట్టి ఎనిమిది దగ్గర, పదహారు దగ్గర చుక్క పెట్టుకుని మడుస్తారు.

ఇక్కడే మన భాష చేసే ఒక తమాషా ఉంది, నాకు తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది. పట్టీని నాలుగు చేసి "నాలుగో వంతు చూపించు" అన్నాను. ఒక బాబు ఎడమ నుంచి ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టి చివరి ముక్క మీద వేలు పెట్టాడు. నేను శభాష్ అన్నాను, ముక్క సరైనదే కదా! మరి మొదటిది అంటే ఏమిటిరా అన్నాను, ఎందుకో అనుమానమొచ్చి. "అది ఒకటో వంతు టీచర్." నాలుగో బెంచీ, నాలుగో తరగతి, నాలుగో వంతు, వాడికి అన్నీ ఒకటే. తప్పు వాడిది కాదు, మాట అలా ఉంది. అప్పటి నుంచి కనీసం మొదటి నెల నేను నాలుగో వంతు అనను. పావు అంటాను, లేదంటే నాలుగింట ఒక వంతు అంటాను. మూడుకి పావులాంటి సొంత పేరు లేదు కాబట్టి మూడింట ఒక వంతు, తప్పదు. మీ తరగతిలో ఒకసారి అడిగి చూడండి, "మొదటి ముక్క నాలుగింట ఒక వంతు అవుతుందా" అని. ఎంతమంది కాదంటారో మీకే తెలుస్తుంది.

ఇంకో మాట మాత్రం మనకి మేలు చేస్తుంది. ముప్పావు. మూడు పావులు కలిపితే ముప్పావు, ముప్పై, ముమ్మారుల్లో ఉన్న మూడే ఇందులోనూ ఉంది. పిల్లలకి ముప్పావు తెలుసు, అందులో మూడు ఉందని తెలియదు. పసుపు ముక్కలు మూడు వరసగా పెట్టించి పావు, పావు, పావు అని ఒత్తి పలికించి, కలిపి చెప్పండిరా అంటే ఎవరో ఒకరు పట్టేస్తారు.

ముక్కలు కోశాక రెండు మూడు రోజులు ఆట. చెక్క పాచికకి స్టిక్కర్లు అంటించి ఒక వైపు సగం, రెండు వైపులా పావు, మూడు వైపులా అరపావు అని రాస్తాను. అంకెలు లేవు, మాటలే. ఎర్ర పట్టీ ముందు పెట్టుకుని, పాచిక ఏది పడితే ఆ ముక్క దాని మీద పేర్చాలి, ఖాళీ లేకుండా, బయటికి రాకుండా నింపినవాడు గెలిచినట్టు. ఇది అందరికీ వస్తుంది. అసలు ఆట రెండోది. ఎర్ర పట్టీ మీద రెండు నీలం ముక్కలు పెట్టుకుని మొదలుపెట్టాలి, పాచిక ఏది పడితే అంత తీసేయాలి. పావు పడింది. తీయడానికి పావు లేదు, ఉన్నవి రెండు సగాలు. పిల్లవాడు కాసేపు నీలం ముక్కని చేత్తో పట్టుకుని చూస్తాడు, చించేద్దామా అన్నట్టు. (నవ్వులు) తర్వాత డబ్బాలోంచి రెండు పసుపు తీసి, నీలం మీద పెట్టి సరిచూసి, నీలాన్ని డబ్బాలో వేస్తాడు. పది నోటు ఇచ్చి రెండు ఐదులు తెచ్చుకున్నట్టే. సమాన భిన్నాలని పెద్ద పేరున్న పాఠం పై తరగతుల్లో వస్తుంది కదా, దాని సరుకంతా ఇదే.

ఇక బొమ్మ. నన్నడిగితే పిల్లలు ఎక్కువగా తప్పిపోయేది ఇక్కడే, మనం తక్కువ సమయం ఇచ్చేదీ ఇక్కడే. వర్క్‌షీట్‌లో నాలుగు గళ్లు గీసి ఉంటాయి, ఒకదానికి రంగేయమంటారు, వేస్తారు, 1/4 అని రాస్తారు. అది భిన్నం కాదు, గళ్ల లెక్క. అనుమానముంటే ఒక పట్టీని అడ్డదిడ్డంగా నాలుగు ముక్కలుగా గీసి, ఒకటి సన్నగా, ఒకటి లావుగా, పెద్దదానికి రంగేసి ఇవ్వండి. 1/4 అనే రాస్తారు. మూడు రోజుల కింద అంచు మీద అంచు పెట్టి చూసినవాడే, కాగితం మీదకి రాగానే లెక్కపెట్టడం మొదలుపెడతాడు. అందుకే అచ్చేసిన బొమ్మ మొదట ఇవ్వను, వాళ్లే గీయాలి.

మొదట పట్టీని నోట్‌బుక్ మీద పెట్టి చుట్టూ గీసి, మడతలున్నచోట గీతలు పెడతారు. మర్నాడు పట్టీ సంచిలో ఉంటుంది, గుర్తు చేసుకుని గీయాలి. ఇక్కడే నాకొక పెద్ద పాఠం దొరికింది. 1/3, 1/4 రెండూ బొమ్మలేసి ఏది పెద్దదో చెప్పమన్నాను. ఒక పాప గళ్ల నోట్‌బుక్‌లో రెండు గళ్ల వెడల్పున ఒక డబ్బా గీసింది, పక్కన ఇంకోటి, ఇంకోటి. మూడు డబ్బాలు. కింద వరసలో అలాంటివే నాలుగు. రెండిట్లోనూ మొదటి డబ్బాకి రంగేసి, "రెండూ సమానం టీచర్" అంది. బొమ్మ చూస్తే నిజమే, రెండు డబ్బాలూ రెండేసి గళ్లే!

నేను తిట్టబోయి ఆగాను. తను ఏం చేసింది? మొత్తాన్ని ముక్కలు చేయలేదు, ముక్కలు పేర్చి మొత్తం తయారుచేసింది. మొదటి మొత్తం ఆరు గళ్లు, రెండోది ఎనిమిది గళ్లు. రెండు వేర్వేరు చిక్కీలు పంచింది. కాగితం పట్టీ దగ్గర ఈ తప్పు రాదు, ఎందుకంటే మొత్తం ముందే చేతిలో ఉంది, దాన్ని మడవడమే మన పని. బొమ్మ దగ్గర మొత్తం ఎవరూ ఇవ్వరు, తనే పెట్టుకోవాలి. అప్పటి నుంచి మా తరగతిలో ఒక నియమం పెట్టాను, ముందు మొత్తం గీత, తర్వాతే అడ్డగీతలు. మొత్తం ఎప్పుడూ పన్నెండు గళ్లు. పన్నెండులో సగం ఆరు, మూడింట ఒక వంతు నాలుగు, పావు మూడు, ఆరింట ఒక వంతు రెండు, అన్నీ గళ్ల గీతల మీదే పడతాయి. అరపావు మాత్రం గడి మధ్యలో పడుతుంది, దాన్ని బొమ్మల్లో తర్వాతెప్పుడో తెస్తాను. రెండు పట్టీలూ ఒకదాని కింద ఒకటి, ఎడమ అంచులు కలిసేలా గీయాలి. అలా గీశాక ఆ పాప నాలుగు గళ్లు, మూడు గళ్లు చూసి, చిక్కీలాగే ఉంది టీచర్ అంది. దానంతట అదే అంది, నేను గుర్తు చేయలేదు.

బొమ్మల్లో ఇంకో తప్పు మీరూ చూసే ఉంటారు. ఒకటి రంగు, మూడు తెలుపు ఉంటే 1/3 అని రాస్తారు. రంగున్నవీ లేనివీ పోల్చేస్తున్నారన్నమాట, మొత్తం కళ్ల ముందు నుంచి జారిపోయింది. చెప్పి దిద్దడం కంటే ప్రతి బొమ్మ పైన కోయని ఎర్ర పట్టీని కూడా గీయించడం మేలు. దాని కింద ముక్కలు. దేన్ని ముక్కలు చేశామో ఎదురుగా ఉంటుంది.

బొమ్మ నిజంగా ఎక్కిందా లేదా తెలియాలంటే నేను తిరగేసి అడుగుతాను. మూడు గళ్ల పట్టీ గీసి "ఇది పావు, మొత్తం గీయి" అంటాను. లెక్కపెట్టడానికి ఇక్కడ ఏమీ లేదు, కాబట్టి గళ్ల లెక్కగాళ్లు ఇక్కడ దొరికిపోతారు. కొందరు ఆ మూడు గళ్లనే నాలుగు చేయడానికి చూస్తారు. వాళ్లకి పసుపు ముక్క ఒక్కటిచ్చి, ఇది పావైతే ఎర్రది ఎంతుండాలి, పెట్టి చూపించు అని మళ్లీ వస్తువు దగ్గరికి పంపిస్తాను. వచ్చినవాళ్లు పన్నెండు గళ్లు గీస్తారు. వెంటనే అదే మూడు గళ్లు చూపించి "ఇప్పుడు ఇది మూడింట ఒక వంతు, మొత్తం గీయి" అంటే తొమ్మిది గళ్లు. ఒక్కడు లేచి, "ఇందాక పావన్నారు, అదే కదా టీచర్, మారిపోయిందేంటి" అన్నాడు. ముక్క మారలేదు, మొత్తం మారింది. ఆ ప్రశ్న వాడి నోట్లోంచి రావాలని నేను రెండు వారాలుగా ఎదురుచూస్తున్నాను, వాడికి తెలియదు.

గుర్తుల దగ్గరికి వద్దాం. ఇది తొందరగా అయిపోతుంది, పైవి రెండూ అయితే. మొదట అంకె, మాట కలిపి రాయిస్తాను, "3 పావులు" అని, 3 మామిడికాయలు అన్నట్టే. పావు కూడా ఒక వస్తువే, లెక్కపెట్టొచ్చు. తర్వాత గీత గీసి, కింద ముక్క పేరు, పైన ఎన్ని ముక్కలో. లవం, హారం అన్న మాటలు నేను నెల దాకా వాడను. కింద పేరు, పైన లెక్క. అంతే.

ఇక్కడా మన భాష అడ్డం తగులుతుంది. మనం పలికేది నాలుగింట మూడు. నాలుగు ముందు వస్తుంది. పిల్లలు రాసేది పైనుంచి కిందికి. విన్న వరసలో రాస్తే పైన 4, కింద 3. మా తరగతిలో ఇలా రాసినవాళ్లందర్నీ నేను మొదట్లో అజాగ్రత్త అనుకునేదాన్ని. పాపం, వాళ్లు చాలా జాగ్రత్తగా విన్నది విన్నట్టు రాశారు. ఉపాయం తేలికే. ముందు గీత గీయమనండి. "నాలుగింట" అనగానే గీత కింద 4 రాయాలి. "మూడు వంతులు" అన్నాక పైన 3. కింది నుంచి పైకి రాయడం, మాట వరసలోనే. పని వరస కూడా అదే, ముందు నాలుగు చేస్తాం, తర్వాత మూడు తీసుకుంటాం. మీది ఇంగ్లీషు మీడియం అయితే త్రీ బై ఫోర్ అంటారు, పైనుంచి కిందికి సరిపోతుంది, కాకపోతే అందులో ముక్కలు చేయడం వినపడదు. రెండూ ఒకే రోజు వాడకండి. మా స్కూల్లో ఒక ఏడాది నేను ఒకటి, ఇంకో టీచర్ ఒకటి వాడి పిల్లల్ని నానా టెన్షన్ పెట్టాం.

గుర్తులొచ్చాక తప్పులు మళ్లీ వస్తాయి, కంగారు పడకండి. 1/4, 1/4 కలిపితే ఎంతంటే 2/8 అని రాస్తారు, పైవి కలిపి, కిందివి కలిపి. అప్పుడు నియమం చెప్పొద్దు. నువ్వు రాసింది పెట్టి చూపించు అంటాను. రెండు పసుపు ముక్కలు పెడతాడు. కింద రెండు ఆకుపచ్చ ముక్కలు పెడతాడు. రెండు ఆకుపచ్చలు కలిపి ఒక్క పసుపంత ఉన్నాయి. పావుకి పావు కలిపితే మళ్లీ పావే వచ్చిందా? రబ్బరు కోసం వెతుక్కుంటాడు. ఒక మెట్టు కిందికి దిగి మళ్లీ ఎక్కడం అంటే ఇదే, అందుకే గుర్తుల వారంలో కూడా పట్టీలు బల్ల కింద రెడీగా ఉంటాయి.

అలాగని ఎప్పటికీ పట్టీలే పట్టుకుని కూర్చోకూడదు కదా అని అడుగుతారు. నిజమే, కొందరు ఆలోచించకుండానే ముక్కల మీద చెయ్యి వేస్తారు. నేను చేసేది, ముందు చెప్పు, తర్వాత పెట్టి చూడు. ముక్క తీయకముందే జవాబు చెప్పి, ఆ తర్వాత సరిచూసుకోవాలి. వరసగా నాలుగైదు సార్లు ముందే చెప్పగలిగినవాడు తనంతట తనే ముక్కలు తీయడం మానేస్తాడు, బద్ధకమేస్తుంది వాడికి. ఆ బద్ధకం కోసమే మనం చూసేది. నాకు మొత్తం మీద పన్నెండు పదమూడు పీరియడ్లు పడుతుంది, అందులో ఐదు ముక్కలకి, ఐదు బొమ్మలకి, మిగిలినవి గుర్తులకి.

పట్టీకి ఒక హద్దు కూడా ఉంది. పన్నెండు చింతపిక్కల్లో పావు ఎన్ని అని అడిగితే పట్టీతో బాగా చేసినవాళ్లే నాలుగు అంటారు. అక్కడ మొత్తం అంటే ఒక్క వస్తువు కాదు, గుంపు. దాన్ని పట్టీలతో కలపకుండా, ఇవి కుదురుకున్నాక, పన్నెండు గళ్ల బొమ్మలో గడికో పిక్క పెట్టించి మొదలుపెడితే వంతెన దొరుకుతుంది. మూడు గళ్లు, మూడు పిక్కలు.

ప్రశ్నలేమైనా ఉంటే అడగండి.

ఆ, మేడమ్ అడుగుతున్నారు, నలభై మంది ఉంటే ముక్కలు కలిసిపోవా, పోవా అని. పోతాయండీ. మొదటి ఏడాది సగం సెట్లు పోయాయి. ఇంట్లో పడున్న పెళ్లిపత్రికల కవర్లు తెచ్చి వేయిద్దామనుకున్నాను, 24 సెంటీమీటర్ల పట్టీ అందులో పట్టలేదు, ఎర్రదాన్ని మడిచారు, మొత్తానికే మడత పడింది, అది చూసి ఇది కూడా రెండు ముక్కలా అని అడిగారు. ఇప్పుడు ప్రతి ముక్క వెనక రోల్ నంబరు రాయించి, ఎర్ర పట్టీకి ఆనించి రబ్బరు బ్యాండు వేయిస్తున్నాను. శనివారం చివరి పీరియడ్‌లో ఎవరి సెట్ వాళ్లు ఎర్ర పట్టీ మీద రంగు రంగుగా పేర్చి చూసుకోవాలి. పసుపు వరసలో ఖాళీ ఉంటే ఒక పావు పోయింది. కింద పడున్న ముక్క తెచ్చి, ఇది నాదే టీచర్ అని ఒకడు ఆకుపచ్చది పెట్టాడు పోయినవారం, సగం ఖాళీ అలాగే మిగిలింది. పక్కవాడు చూసి, "నీది పావు పోతే అరపావు తెచ్చుకున్నావేంట్రా, ఇంకోటి వెతుక్కో" అన్నాడు.